ఎబిటా పెరిగింది, నష్టం వచ్చింది: ఏది నమ్మాలి?

*ప్రశ్న: జీతంలో మిగిలింది షేర్లలో పెడుతుంటాను. నా దగ్గర షేర్లున్న ఒక కంపెనీ ఈ ఏడాది ఎబిటా 28 శాతం పెరిగిందని గొప్పగా ప్రకటించింది. ఫలితాల కాగితం చివరిదాకా చదివితే నికర నష్టం కనిపించింది. మా బావగారిని అడిగితే, ‘నష్టం కాగితం మీదిదే, అసలు లెక్క ఎబిటా, అనలిస్టులంతా అదే చూస్తారు, ఎబిటాకి ఆరు రెట్లకే దొరుకుతోంది, ఇంకొన్ని కొనెయ్’ అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట నమ్మాలి?*

మీ బావగారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో తేలాలంటే లాభనష్టాల పట్టికలో ఎబిటా ఎక్కడ కూర్చుంటుందో ముందు చూడాలి.

వడ్డీ, పన్ను, తరుగుదల, అమార్టైజేషన్ అనే నాలుగు ఖర్చులను తీసేయకముందు మిగిలే సొమ్ము పేరు ఎబిటా. మొదటి రెండూ మీకు తెలిసినవే. తరుగుదల అంటే కొన్న యంత్రం, వాహనం, భవనం ఖరీదును దాని జీవితకాలం మీద ఏడాదికింత అని పంచి రాసే ఖర్చు. పేటెంటు, లైసెన్సు, సాఫ్ట్‌వేర్ లాంటి కంటికి కనిపించని ఆస్తులకు అదే పని చేస్తే అమార్టైజేషన్ అంటారు. అమ్మకాల్లోంచి రోజువారీ ఖర్చులు తీసేసి అక్కడ ఒక గీత గీస్తే, ఆ గీత దగ్గర నిలిచేది ఎబిటా. ఆ గీత కింద ఇంకో నాలుగు ఖర్చులున్నాయి కాబట్టి, పైన అంకె పెరిగినా చివరికి నష్టం రావడంలో వింతేమీ లేదు.

వట్టి నిర్వచనంతో ఇది బుర్రకెక్కదు. ఒక లారీల కంపెనీని ఊహించుకుందాం. లెక్క కోట్లలో, ఏ దేశపు డబ్బైనా అనుకోండి. కంపెనీకి 100 లారీలున్నాయి, కొన్నప్పుడు ఒక్కోటి 1 కోటి. పదేళ్లు నడుస్తాయి కనుక ఏటా 10 కోట్లు తరుగుదల రాస్తారు. లారీల కోసం తెచ్చిన అప్పు 50 కోట్లు, వడ్డీ 10 శాతం. ఏడాదికి కిరాయిల మీద వచ్చేది 60 కోట్లు. డీజిల్, డ్రైవర్ల జీతాలు, టైర్లు, మరమ్మతులు, ఆఫీసు ఖర్చు అన్నీ కలిపి 42 కోట్లు. అంటే ఎబిటా 18 కోట్లు. అందులోంచి తరుగుదల 10, వడ్డీ 5 తీసేస్తే 3 మిగిలింది. దాని మీద 25 శాతం పన్ను పోగా నికర లాభం 2.25 కోట్లు.

ఇక ఈ 18ని అనలిస్టులు ఎందుకంత ఇష్టపడతారో చూడండి. సరిగ్గా ఇలాంటి కంపెనీయే పక్కన ఇంకోటి ఉందనుకోండి. అవే లారీలు, అవే కిరాయిలు. కానీ దాని యజమాని అప్పు చేయకుండా సొంత డబ్బు పెట్టాడు. వడ్డీ లేదు కాబట్టి అతని నికర లాభం 6 కోట్లు. మొదటిదానిలాగే అప్పు చేసిన మూడో కంపెనీవాళ్లు లారీ ఎనిమిదేళ్లే నడుస్తుందని పుస్తకాల్లో రాసుకున్నారు. తరుగుదల 12.5 కోట్లైంది, పన్నుకు ముందు లాభం అరకోటికి పడిపోయింది. మూడు కంపెనీల లారీలూ ఒకే రోడ్డు మీద ఒకే బరువు మోస్తున్నాయి, లాభాలు మాత్రం ఆమడ దూరంలో ఉన్నాయి. డబ్బు ఎక్కడినుంచి తెచ్చారు, పద్దు ఎలా రాశారు అన్న తేడాలను పక్కనపెట్టి, లారీలు నడపడంలో ఎవరెంత సమర్థులో చూడాలంటే మూడింటికీ ఒకేలా వచ్చే ఆ 18 పనికొస్తుంది. పన్ను రేట్లు వేరువేరుగా ఉన్న దేశాల కంపెనీలను పక్కపక్కన పెట్టేటప్పుడూ ఇదే వాదన.

కంపెనీ మొత్తాన్ని కొనాలనుకునేవాడికి ఇది మరీ అవసరం. పాత యజమాని అప్పు అతనికి అక్కర్లేదు. దాన్ని తీర్చేసి తన పద్ధతిలో కొత్తది తెచ్చుకుంటాడు. అందుకే వ్యాపారం మొత్తం విలువను, అంటే షేర్ల విలువకు అప్పు కలిపి చేతిలో ఉన్న నగదు తీసేసిన అంకెను, ఎబిటాతో భాగిస్తారు. మీ బావగారు చెప్పిన ‘ఆరు రెట్లు’ అదే. అప్పులిచ్చేవాళ్లు కూడా మొత్తం అప్పు ఎబిటాకి ఎన్ని రెట్లుందో చూస్తారు. మన లారీల కంపెనీకి 50ని 18తో భాగిస్తే 2.8 రెట్లు వస్తుంది. అంత దాకా చూసి సంతకం పెట్టేసే క్రెడిట్ ఆఫీసర్లు తక్కువేమీ కాదు.

ఈ కొలతకు పుట్టుకతోనే ఒక న్యాయమైన కారణం ఉంది. అమెరికాలో కేబుల్ టీవీ వ్యాపారం పెరుగుతున్న 1970లలో టీసీఐ అనే కంపెనీని జాన్ మలోన్ నడిపేవారు. ఊళ్లకు ఊళ్లు తీగలు లాగడానికి ఆ కంపెనీ బోలెడు అప్పు చేసింది. వడ్డీ, తరుగుదల తీసేస్తే పుస్తకాల్లో లాభం మిగిలేది కాదు. కానీ తీగ ఒకసారి లాగితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది, చందా నెలనెలా ఠంచనుగా వస్తుంది. అప్పులోళ్లకూ మదుపరులకూ మలోన్ చెప్పింది ఒక్కటే: నికర లాభం చూడకండి, వడ్డీకీ తరుగుదలకూ ముందు ఎంత వస్తోందో చూడండి. ఆ వ్యాపారానికి అది చాలావరకు సరిపోయిన మాట. 1980లలో అప్పు తెచ్చి కంపెనీలను కొనేసే ఊపు వచ్చినప్పుడు ఆ కొలత కేబుల్ తీగలను వదిలి అన్ని పరిశ్రమలకూ పాకింది. తీగల వ్యాపారానికి కుట్టిన చొక్కాను అందరికీ తొడిగారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

లారీ తీగ కాదు. పదేళ్లకు మూలన పడుతుంది. 100 లారీలుంటే ఏటా పదింటిని మార్చాల్సిందే. లేకపోతే నాలుగైదేళ్లలో కిరాయిలు పడిపోతాయి. పైగా అప్పుడు 1 కోటికి వచ్చిన లారీ ఇప్పుడు 1.25 కోట్లు. కాబట్టి పుస్తకాల్లో తరుగుదల 10 కోట్లే ఉన్నా, నిజంగా కొత్త లారీలకు కట్టాల్సింది 12.5 కోట్లు. (పాత లారీ అమ్మితే వచ్చే చిల్లర లెక్కలోకి తీసుకోలేదు.) ఇప్పుడు చేతికొచ్చిన డబ్బు లెక్క చూద్దాం. ఎబిటా 18లోంచి వడ్డీ 5, పన్ను 0.75 పోయాయి. ఈ ఏడాది ఖాతాదారులు ఆలస్యంగా చెల్లిస్తుండటంతో రావాల్సిన బాకీలు 2 కోట్లు పెరిగాయి, ఆ డబ్బు కూడా ఇంకా చేతికి రాలేదు. 10.25 మిగిలింది. అందులోంచి లారీలకు 12.5 కడితే చివరికి 2.25 కోట్లు లోటు. అప్పులో అసలు తీర్చే వాయిదాల మాట ఇంకా ఎత్తనేలేదు.

ఎబిటా చూస్తే 18, నికర లాభం చూస్తే 2.25, గల్లాపెట్టె చూస్తే మైనస్ 2.25. ముగ్గురు మనుషులు ఒకే కంపెనీ గురించి మాట్లాడుతున్నారంటే నమ్మబుద్ధి కాదు.

‘తరుగుదల నగదు ఖర్చు కాదు కదా’ అనే వాదన మీరు వినే ఉంటారు, బావగారి ‘కాగితం మీది నష్టం’ దాని తమ్ముడే. ఈ ఏడాది ఆ పద్దు కింద ఎవరికీ చెక్కు రాయలేదన్నంత వరకు అది నిజం. కానీ చెక్కు ఎప్పుడో ముందే రాసేశారు. జీతం పని అయ్యాక ఇస్తాం, కరెంటు బిల్లు వాడుకున్నాక కడతాం. లారీకి మాత్రం పదేళ్ల వాడకం ఖరీదు మొదటిరోజే కట్టి, ఆ తర్వాత కొద్దికొద్దిగా ఖర్చు రాసుకుంటాం. డబ్బు ముందే చేయి దాటిపోయే ఖర్చును ఖర్చే కాదనడం నాకైతే మింగుడుపడదు. వారెన్ బఫెట్ 2000 సంవత్సరానికి తన వాటాదారులకు రాసిన లేఖలో దీన్నే ఎగతాళి చేశారు. పాశ్చాత్య దేశాల్లో, ఊడిన పాలపన్నును దిండు కింద పెడితే రాత్రి ఒక దేవత వచ్చి డబ్బు పెట్టి వెళ్తుందని పిల్లలకు చెబుతారు. యంత్రాల ఖర్చు కూడా ఆ పంటి దేవతే కడుతుందని యాజమాన్యం అనుకుంటోందా అని ఆయన అడిగారు.

నేను ఒక బ్యాంకులో అప్పుల ఫైళ్లు చూసే రోజుల్లో ఈ పాఠం నాకూ ఖరీదుగానే వచ్చింది. ఒక ప్రింటింగ్ ప్రెస్ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. అప్పు ఎబిటాకి రెండున్నర రెట్లే, నిక్షేపంలాంటి ఫైలని రాశాను. తరుగుదల పద్దు చాలా తక్కువగా ఉండటం చూసి సంతోషించాను కూడా. అది ఎందుకు తక్కువుందని అడగాల్సింది. యంత్రాల ఖరీదు పుస్తకాల్లో ఎప్పుడో పూర్తిగా అరిగిపోయింది, అందుకే తక్కువ. రెండేళ్లు తిరగకముందే పెద్ద యంత్రం మొరాయించింది, కొత్తది కొనడానికి డబ్బు లేదు, వాయిదాలు ఆగాయి. ఎబిటా అబద్ధం చెప్పలేదు. నేను దాన్ని తప్పు ప్రశ్న అడిగాను.

మళ్లీ లారీల దగ్గరకు వద్దాం. ఎబిటా అందరినీ ఒకే తక్కెడలో తూస్తుందన్నాను కదా. ఆ తక్కెడలోనే ఒక మెలిక ఉంది. నాలుగో కంపెనీ లారీలు కొనలేదు, అప్పూ చేయలేదు, ఏడాదికి 15 కోట్లకు 100 లారీలు అద్దెకు తీసుకుంది. అద్దె రోజువారీ ఖర్చు కాబట్టి గీతకు పైనే పోతుంది. ఎబిటా 18 మైనస్ 15, అంటే 3 కోట్లు. పన్నుకు ముందు లాభం కూడా 3 కోట్లే, మొదటి కంపెనీకి వచ్చినంతే. లారీలు అవే, ఆఖరి లాభం అదే. కానీ ఒకరి ఎబిటా 18, ఇంకొకరిది 3. సొంత లారీల ఖరీదు తరుగుదలగా, వడ్డీగా గీత కింద దాక్కుంది. అద్దెలో కూడా ఉన్నవి ఆ రెండే, కాకపోతే పైన కనిపించేలా ఉన్నాయి.

ఈ తేడా పద్దులు రాసేవాళ్ల నిబంధనలకూ తగిలింది. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 ప్రకారం 2019 జనవరి 1 నుంచి దీర్ఘకాలపు లీజులను ఆస్తిగా, అప్పుగా బ్యాలెన్స్ షీట్‌లోకి తేవాలి. అప్పటిదాకా అద్దెగా రాసినదాన్ని తరుగుదల, వడ్డీగా విడగొట్టి రాయాలి. ఏడాది లోపు లీజులకూ, చిన్న విలువ వస్తువులకూ మినహాయింపు ఉంది. నిబంధన మంచిదే, లీజు కూడా అప్పు లాంటిదేనని ఒప్పుకుంది. కానీ ఎబిటా మీద దాని ప్రభావం చూడండి. మన నాలుగో కంపెనీ దీర్ఘకాలపు లీజు రాసుకుని ఉంటే, ఒక్క లారీ అదనంగా నడపకుండానే దాని ఎబిటా దాదాపు 3 నుంచి 18కి ఎగురుతుంది. ఖాతాలోకి వచ్చిన అదనపు పైసా ఒక్కటీ లేదు. అమెరికా ప్రమాణాల్లో మాత్రం లీజును బ్యాలెన్స్ షీట్‌లోకి తెచ్చినా, మామూలు ఆపరేటింగ్ లీజుల అద్దెను పాతపద్ధతిలో గీతపైనే ఖర్చు రాస్తారు. దుకాణాలు, విమానాలు అద్దెకు తీసుకునే కంపెనీలను ఆ రెండు పద్ధతుల మధ్య ఎబిటాతో పోల్చితే లెక్క తప్పుతుంది. పోలిక కోసమే పుట్టిన కొలతకు పట్టిన గతి ఇది.

గీతకు పైనున్న ఖర్చు కిందికి జారితే ఎబిటా పెరుగుతుందని ఇప్పుడు మీకు అర్థమైంది కదా. ఆ జారడం నిబంధన వల్ల కాకుండా ఎవరో కావాలని తోస్తే? మన లారీల కంపెనీ ఏటా టైర్లకు 3 కోట్లు ఖర్చు చేస్తుందనుకోండి. అకౌంటెంట్‌ను పిలిచి, ‘ఇవి ఖర్చు కాదు, ఆస్తి మెరుగుదల, మూడేళ్లకు పంచి రాయి’ అన్నారు. ఎబిటా 18 నుంచి 21కి చేరింది. దాదాపు 17 శాతం వృద్ధి! పత్రికా ప్రకటన సిద్ధం.

ఇది ఊహ కాదు. అమెరికా టెలికం కంపెనీ వరల్డ్‌కామ్ చేసింది అచ్చంగా ఇదే. తమ ఖాతాదారుల కాల్స్ మోయడానికి వేరే కంపెనీల నెట్‌వర్క్ వాడుకున్నందుకు చెల్లించే రుసుములను ఆ రంగంలో లైన్ కాస్ట్స్ అంటారు. లారీకి డీజిల్ ఎలాగో వాళ్లకు అవి అలాగ. ఆ ఖర్చును మూలధన వ్యయంగా, అంటే ఆస్తి కొన్నట్టుగా రాశారు. 2002లో ఆ కంపెనీ ఇంటర్నల్ ఆడిట్ అధిపతి సింథియా కూపర్ బృందం మూలధన వ్యయాల పద్దులు తవ్వుతుంటే, వెనక ఆస్తి ఏదీ లేని భారీ మొత్తాలు బయటపడ్డాయి. జూన్ 25న కంపెనీ ఒప్పుకున్న అంకె 385 కోట్ల డాలర్లు. అందులో 305 కోట్లకు పైగా 2001కి, మిగతాది 2002 మొదటి మూడు నెలలకు చెందింది. నెల తిరగకముందే, జులై 21న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తర్వాత తేలిన మొత్తం తప్పుడు లెక్కలు సుమారు 1,100 కోట్ల డాలర్లు. సీఈఓ బెర్నీ ఎబ్బర్స్‌కు 2005లో 25 ఏళ్ల జైలుశిక్ష పడింది.

ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఎబిటాని నమ్మకండి, వ్యాపారం నుంచి వచ్చిన నగదు చూడండి అని సలహా ఇస్తుంటారు. ఈ మోసాన్ని అది కూడా పట్టివ్వదు. టైర్లను ఆస్తిగా రాస్తే, ఆ 3 కోట్లు క్యాష్‌ఫ్లో పట్టికలో ‘వ్యాపార కార్యకలాపాలు’ అనే భాగం నుంచి ‘పెట్టుబడులు’ అనే భాగంలోకి మారిపోతాయి. వ్యాపారం నుంచి వచ్చిన నగదు మన ఉదాహరణలో 10.25 నుంచి 13.25కి పెరిగినట్టు కనిపిస్తుంది. మూలధన వ్యయం కూడా 12.5 నుంచి 15.5కి పెరుగుతుంది. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే మళ్లీ అదే మైనస్ 2.25. ఖర్చును ఇలా ఆస్తి పద్దులోకి ఎంత జరిపినా ఈ తేడా మారదు. అందుకే రెండు అంకెలనూ కలిపి చూడాలి. ఎబిటా బాగా పెరిగిన ఏడాదే మూలధన వ్యయం కూడా పెరిగి, దానికి తగ్గ కొత్త లారీలు, కొత్త ఫ్యాక్టరీ ఎక్కడా కనిపించకపోతే, అక్కడ వేలు పెట్టి అడగాలి.

అంత మోసం చేయకుండానే అంకెను పెంచే దారి కూడా ఉంది, చట్టబద్ధంగా. దాని పేరు ‘సర్దుబాటు చేసిన ఎబిటా’. అకౌంటింగ్ ప్రమాణాలు నికర లాభాన్ని నిర్వచిస్తాయి కానీ ఎబిటాని అలా కట్టడి చేయవు. అందుకని కంపెనీలు ‘ఇది ఒక్కసారి వచ్చిన ఖర్చు’, ‘ఇది ఉద్యోగులకు షేర్లుగా ఇచ్చింది, నగదు కాదు’ అంటూ మరికొన్నిటిని వెనక్కి కలుపుకుంటాయి. నిజంగా ఒక్కసారి వచ్చిన ఖర్చైతే, అగ్నిప్రమాదం లాంటిదైతే, నాకు అభ్యంతరం లేదు. కానీ ఏటా క్రమం తప్పకుండా వచ్చే ‘ఒక్కసారి ఖర్చు’ను ఏమనాలి? ఆఫీసు స్థలాలు అద్దెకిచ్చే వీవర్క్ 2018లో బాండ్లు అమ్మేటప్పుడు ‘కమ్యూనిటీ అడ్జస్టెడ్ ఎబిటా’ అనే కొత్త పేరు కనిపెట్టింది. అందులో మార్కెటింగ్, పరిపాలన ఖర్చులను కూడా పక్కన పెట్టేసింది. 2017లో 93 కోట్ల డాలర్లకు పైగా నికర నష్టం వచ్చిన కంపెనీకి ఆ కొలతలో 23 కోట్లకు పైగా మిగులు కనిపించింది. ఇల్లు గడవడానికయ్యే ఖర్చులన్నీ తీసేసి చూస్తే మనమందరం కోటీశ్వరులమే. అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ మాత్రం ఆ నాలుగు కాక వేరేవి కలిపితే దాన్ని ఒట్టి ఎబిటా అనకూడదని, నికర లాభం నుంచి ఆ అంకెకు ఎలా వచ్చారో పట్టిక వేసి చూపాలని నియమం పెట్టింది. ఆ పట్టిక సాధారణంగా ప్రకటన చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను చదవడం అక్కడినుంచే మొదలుపెడతాను.

ఇక మీ కంపెనీ సంగతి. నష్టానికి కారణం ఏ వరుసలో ఉందో ముందు చూడండి. తరుగుదల హఠాత్తుగా పెరిగి ఉంటే, అది కొత్తగా మొదలైన ప్లాంటు వల్ల కావచ్చు. కొత్త ప్లాంటు మొదటి ఏడాది సగం సామర్థ్యంతో నడుస్తూ, తరుగుదల మాత్రం పూర్తిగా రాసుకోవడం మామూలే. అప్పుడు మీ బావగారి మాటలో బలముంది, కేబుల్ తీగల కథ లాంటిదది. అలాంటిచోట మూలధన వ్యయం తగ్గుతూ, ఉత్పత్తి పెరుగుతూ కనిపించాలి. అలా కాకుండా మూలధన వ్యయం ఏటా తరుగుదలకు సమానంగానో, ఎక్కువగానో ఉంటూ ఉత్పత్తి ఉన్నచోటే ఉంటే, ఆ డబ్బంతా ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికే పోతోందని అర్థం. ఆ కంపెనీది కాగితం మీది నష్టం కాదు. పెరిగింది వడ్డీ అయితే ఇక వాదనే అక్కర్లేదు, వడ్డీ ప్రతి పైసా నగదే. అప్పు ఎంత పెరిగిందో, ఎబిటా ఎంత పెరిగిందో పక్కపక్కన రాసుకోండి. వేరే కంపెనీని అప్పుతో కొనేసి దాని ఎబిటాని తనదాంట్లో కలుపుకున్నా 28 శాతం వృద్ధి వస్తుంది. ఇంకో మాట, లీజు ఒప్పందాలు కొత్తగా రాసుకున్నారేమో కూడా చూడండి.

ఒక్క ఏడాదితో తేల్చకండి. గత నాలుగైదేళ్ల వార్షిక నివేదికలు తీసి, ఒక కాగితం మీద ఏడాదికి మూడు అంకెలు రాయండి: ఎబిటా, వ్యాపారం నుంచి వచ్చిన నగదు, మూలధన వ్యయం. రెండోదాంట్లోంచి మూడోది తీసేయండి. ఎబిటా ఏటా మెట్లెక్కుతూ, ఈ తేడా మాత్రం కిందే పడి ఉంటే, మధ్యలో డబ్బు ఎక్కడికో పోతోంది. చాలాసార్లు అది వసూలు కాని బాకీల్లోనో, గోడౌన్లో పేరుకున్న సరుకులోనో దొరుకుతుంది.

చివరగా ఆ ‘ఆరు రెట్లు’. మన లారీల కంపెనీనే ఆరు రెట్లకు అమ్ముతున్నారనుకోండి. వ్యాపారం మొత్తం విలువ 108 కోట్లు. అప్పు 50 పోతే షేర్ల విలువ 58 కోట్లు. నికర లాభం 2.25 కోట్లు కాబట్టి మీరు లాభానికి దాదాపు 26 రెట్లు కడుతున్నట్టు, అదీ ఏటా ఎదురు డబ్బు అడిగే కంపెనీకి. ఇప్పుడు అదే 18 కోట్ల ఎబిటా ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తీసుకోండి. అప్పు లేదు, కంప్యూటర్లకు ఏటా 1 కోటి చాలు, తరుగుదల కూడా అంతే. పన్ను పోగా 12.75 కోట్లు మిగులుతుంది. అదే ఆరు రెట్లకు కొంటే, 108 కోట్లు లాభానికి ఎనిమిదిన్నర రెట్లు మాత్రమే. మీ కంపెనీ ఈ రెండింట్లో దేనికి దగ్గరో ఆ మూడు అంకెల కాగితం చెబుతుంది. అది పూర్తయ్యేదాకా మాత్రం కొత్తగా ఒక్క షేరు కూడా కొనకండి. బావగారికి కూడా ఆ కాగితం చూపించండి.